ఒకటి-సున్నా-సున్నా తిరగబడింది! మెడికల్ రిపోర్టును ఉర్దూలోకి రాసేటప్పుడు అంకెలతో జాగ్రత్త

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. క్యాంపు ఆఫీసుకు తాళం వేసి రూముకు వెళ్తున్నాం. వెనక నుంచి ఒకతను పిలిచాడు. నిజామాబాద్ వైపు మనిషి, స్కాఫోల్డింగ్ పని. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి ఆ రోజే డిశ్చార్జి అయి వచ్చాడు. ఒక చేతిలో గోలీల షీటు, ఇంకో చేతిలో మేం సాయంత్రం టైపు చేసి ఇచ్చిన ఉర్దూ కాగితం.

"అన్నా, ఈ షుగర్ గోలీ రాత్రికే కదా? కాయితంలో అట్లనే ఉంది. కానీ మెడికల్ షాపాయన పొద్దున అని చెప్పినట్టు యాదికొస్తుంది. ఏది నిజం?"

కాగితం తీసుకుని లైటు కింద చూశాం. మేం టైపు చేసింది 1-0-0. కాగితం మీద ఉన్నది 0-0-1. అంటే పొద్దున వేసుకోవాల్సిన గోలీ రాత్రికి మారిపోయింది. మా చెయ్యి తప్పలేదు. మేం కొట్టిన వరుసను కంప్యూటరు తిప్పి చూపించింది. అయినా ఆ కాగితాన్ని తిరిగి చదవకుండా ఇచ్చింది మేమే గనుక తప్పు మాదే.

అతను అడిగాడు కాబట్టి సరిపోయింది. ఆ గోలీ గ్లిమెపిరైడ్. షుగర్ తగ్గించే మందు. పొద్దున నాష్తాతో వేసుకోవాలి. రాత్రి తిని పడుకునే ముందు వేసుకుంటే నిద్రలో షుగర్ మరీ పడిపోవచ్చు. మెలకువగా ఉంటే చెమటలు, వణుకు, ఆకలి వచ్చి తెలుస్తుంది. నిద్రలో ఉన్నవాడికి ఎవరు చెబుతారు? రూములో మిగతా ఏడుగురూ నిద్రలోనే ఉంటారు కదా.

ఆ రాత్రి నుంచి ఈ విషయాన్ని మేం వదల్లేదు. ఎందుకు తిరగబడింది, ఎప్పుడు తిరగబడుతుంది, ఎలా ఆపాలి అని వరుసగా ప్రయత్నించి చూశాం. మన క్యాంపుల్లో ఇంగ్లీషు రిపోర్టును ఉర్దూలోకి రాసిపెట్టమని అడిగేవాళ్లు చాలామంది. పాకిస్తానీ సోదరులే కాదు, హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్ వైపు ఉర్దూ మీడియంలో చదువుకున్న మనవాళ్లూ ఉన్నారు. తెలుగు మాట్లాడతారు గానీ కాగితం మీద ఉర్దూ అయితేనే చదువుతారు. ఇంట్లో భార్య, అమ్మ కూడా అంతే. వాళ్లకు రాసిపెట్టేది మనలాంటి గుమాస్తానో, రూములో నాలుగు అక్షరాలు ఎక్కువ వచ్చినవాడో. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాం.

అక్షరం కుడి నుంచి, అంకె ఎడమ నుంచి

ఉర్దూ కుడి వైపు నుంచి ఎడమకు నడుస్తుందని అందరికీ తెలుసు. చాలామంది గమనించనిది ఒకటి ఉంది. ఉర్దూలో కూడా అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే రాస్తారు. నూట ఇరవై అంటే ఉర్దూ వాక్యంలోనూ 120 అనే ఉంటుంది, 021 అని కాదు. అంటే ఒకే లైనులో రెండు దారులు. బస్సు కుడి నుంచి ఎడమకు పోతుంటే లోపల ఒక మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తున్నట్టు.

ఒక్క అంకె ఉంటే గొడవ లేదు. 120 ఎప్పుడూ 120గానే కనిపిస్తుంది. చిక్కంతా రెండు మూడు అంకెలను ఏదో ఒక గుర్తుతో కలిపినప్పుడే. 1-0-0 లో మధ్యనున్న అడ్డగీత ఏ దారిన పోవాలి? అంకెల వెంట ఎడమ నుంచి కుడికా, ఉర్దూ అక్షరాల వెంట కుడి నుంచి ఎడమకా? ఆ గీతకు సొంత దారి లేదు. పక్కనున్నవాటిని చూసి కంప్యూటరు నిర్ణయిస్తుంది.

ఆ నిర్ణయానికి ఒక పద్ధతి ఉంది. కంప్యూటరు అంకె నుంచి వెనక్కి వెళ్లి, దానికి ముందు వచ్చిన అక్షరం ఏ భాషదో చూస్తుంది. ఇంగ్లీషు అక్షరం అయితే అంకెలూ గీతలూ అన్నీ ఇంగ్లీషు దారిలో, మనం కొట్టిన వరుసలోనే ఉంటాయి. ఉర్దూ అక్షరం అయితే గీత దగ్గర అంకెల వరుస తెగిపోతుంది. మూడు అంకెలూ మూడు ముక్కలవుతాయి. ముక్కలను ఉర్దూ లెక్కన కుడి నుంచి పేరుస్తుంది. మొదటి 1 కుడి చివరకు, ఆఖరి 0 ఎడమ చివరకు పోతాయి. కంటికి 0-0-1 కనిపిస్తుంది.

మేం బాగు చేయబోయి చెడగొట్టాం

ఇప్పుడు మా కాగితంలో ఏం జరిగిందో చెబుతాం. మొదట రాసినప్పుడు మందు పేరు, మోతాదు ఇంగ్లీషులోనే ఉంచాం. లైను ఇలా ఉంది:

```
Glimepiride 2 mg 1-0-0
```

ఉర్దూ పేజీ మధ్యలో ఉన్నా ఇది సరిగ్గానే వచ్చింది. ఎందుకంటే 1-0-0 కు ముందున్న అక్షరం mg లోని g. ఇంగ్లీషు అక్షరం.

తర్వాత మాకే అనిపించింది, ఎంజీ అని ఇంగ్లీషులో ఉంటే ఇంట్లోవాళ్లకు ఏం తెలుస్తుందని. mg తీసేసి 'మిలీగ్రామ్' అని ఉర్దూ అక్షరాల్లో కొట్టాం. అంతే. 1-0-0 ముందున్న అక్షరం ఇప్పుడు ఉర్దూ అయింది. అంకెలను మేం ముట్టుకోనే లేదు, అవే తిరిగిపోయాయి. ముందోసారి సరిచూశాం కదా అని మళ్లీ చూడలేదు. ఇక్కడ నేర్చుకున్నది ఒకటి: అంకె పక్కన ఒక్క మాట మార్చినా ఆ అంకెను మళ్లీ చూడాల్సిందే.

అదే కాగితంలో ఇంకో రెండు మందులు ఉన్నాయి. కొవ్వు తగ్గించే అటోర్వాస్టాటిన్ రాత్రికి ఒకటి, అంటే 0-0-1. అది తిరగబడి 1-0-0 అయింది. పొద్దునది రాత్రికి, రాత్రిది పొద్దునకు. రెండూ సరిగ్గా చోటు మార్చుకున్నాయి. మూడోది మెట్‌ఫార్మిన్, 1-0-1. అది కూడా తిరగబడింది గానీ ఎటు నుంచి చూసినా 1-0-1 కాబట్టి తెలియలేదు. మేం ఆఖరున ఒక్కసారి చూసింది ఖర్మకొద్దీ ఆ మూడో లైనునే. సరిగ్గా ఉందనుకున్నాం. పరీక్షగా చూడాలంటే రెండు చివరలూ వేరుగా ఉన్న లైనును చూడాలి. రెండు చివరలూ ఒకటిగా ఉన్న లైను మోసం చేస్తుంది.

పాకిస్తాన్ వైపు డాక్టర్లు ఇదే సంగతిని 1+0+0 అని కూడికల గుర్తుతో రాయడం కూడా ఉంది. కూడిక గుర్తుదీ అడ్డగీత బుద్ధే. ఉర్దూ అక్షరం తర్వాత వస్తే అదీ తిరగబడుతుంది.

ఏ గుర్తు నిలుస్తుంది, ఏది తిరుగుతుంది

అన్ని గుర్తులూ ఒకేలా ఉండవు. చుక్క, కామా, కోలన్, ఏటవాలు గీత ఈ నాలుగూ రెండు అంకెల మధ్య ఖాళీ లేకుండా అతుక్కుని ఉంటే అంకెలతోనే ఉంటాయి. 8.2 ఎప్పుడూ 8.2. ప్లేట్‌లెట్లు 250,000 అన్నా, అపాయింట్‌మెంటు టైము 10:30 అన్నా కదలవు. బీపీ 150/95 కూడా ఇప్పటి ప్రోగ్రాముల్లో అలాగే నిలుస్తుంది. మరీ పాత కంప్యూటర్లలో మాత్రం ఏటవాలు గీత దగ్గర కూడా తిరిగే అవకాశం ఉంది.

కానీ అందంగా ఉంటుందని గీతకు అటూ ఇటూ ఖాళీ వదిలారో, 150 / 95 కాస్తా 95 / 150 అవుతుంది. ఖాళీ వస్తే వరుస తెగినట్టే. అడ్డగీత, కూడిక గుర్తు అయితే ఖాళీ లేకపోయినా తెగుతుంది.

తిరిగినంత మాత్రాన ప్రతిదీ ప్రమాదం కాదు. బీపీ 95/150 అని ఉంటే నర్సు అయినా, బీపీ ఉన్న మనిషి అయినా పెద్ద అంకె పైన ఉండాలని గుర్తుపడతారు. నార్మల్ రేంజి 4.0-11.0 తిరిగి 11.0-4.0 అయినా చిన్నది ఏదో పెద్దది ఏదో తెలుస్తూనే ఉంటుంది. అంకె తనే తన తప్పు చెబుతుంది. గోలీల 1-0-0 మాత్రం అలా చెప్పదు. 0-0-1 కూడా అంతే సరైనదిగా కనిపిస్తుంది. భయపడాల్సింది తిరిగినా తప్పుగా కనిపించనివాటికే.

అలాంటిదే ఇంకోటి, తక్కువ ఎక్కువ గుర్తులు. గుండె రిపోర్టులో ట్రోపోనిన్ పక్కన <0.01 అని ఉందనుకోండి. 0.01 కంటే తక్కువ అని అర్థం. ఉర్దూ లైనులో పెడితే గుర్తు అంకెకు కుడివైపు పోతుంది, పైగా అద్దంలో బొమ్మలా మొహం తిప్పుకుంటుంది. కంటికి 0.01> అని కనిపిస్తుంది. ఉర్దూ దారిలో కుడి నుంచి చదవడం తెలిసినవాడికి లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ ఇంగ్లీషు బళ్లో ఆ గుర్తును 'ఎక్కువ' అని నేర్చుకున్నవాడు ఎక్కువ అనే చదువుతాడు. గుండెకు ఏమీ లేదన్న కాగితం గుండెపోటు కాగితం అయిపోతుంది.

రక్తం గ్రూపుదీ చిన్న చిక్కే. O+ అని కొడితే కూడిక గుర్తు O కు ఎడమ పక్కకు దూకుతుంది. పక్కనే ఇంకో మాట ఉంటే ఆ గుర్తు దేనిదో తెలియదు. కళ్లద్దాల చీటీలో -1.50 అయితే మైనస్ గీత అంకెకు కుడివైపు వచ్చి 1.50- అవుతుంది. దాన్ని ఉత్త గీత అనుకుని వదిలేస్తే అద్దం పవరే మారిపోతుంది.

ఉర్దూ ఫుల్‌స్టాపు, అరబిక్ సున్నా

ఉర్దూలో వాక్యం ముగిసినప్పుడు చుక్క పెట్టరు. లైను కింద చిన్న అడ్డగీత పెడతారు. అంకెతో వాక్యం ముగిస్తే ఆ గీత అంకెను ఆనుకుని మైనస్ గుర్తులా కనిపిస్తుంది. అందుకని మేం అంకెతో వాక్యం ముగించడం మానేశాం. 'షుగర్ 9.4 థీ' అన్నట్టు చివర ఒక మాట పెడితే గీత ఆ మాట పక్కకు పోతుంది.

అంకెలను ఉర్దూ అంకెల్లోకి మార్చాలా అని కొందరు అడుగుతారు. వద్దు. ఇక్కడ కొట్ల బోర్డుల మీద, రసీదుల మీద అరబిక్ అంకెలు మనకు కొత్తేం కాదు. వాటిలో ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. ఆరు ఇంగ్లీషు 7 లా ఉంటుంది. సున్నా అంటే ఒక చుక్క. వచ్చిన కొత్తలో మనలో ఎంతమంది ధర తప్పు చదివామో! ఉర్దూ అంకెల్లోనూ సున్నా చుక్కే. నాలుగు, ఐదు, ఆరు రూపాలు అరబిక్ వాటికంటే వేరు. రిపోర్టులో చుక్క అంటే దశాంశమా, సున్నానా అన్న అనుమానం రాకూడదు. అసలు రిపోర్టులో ఇంగ్లీషు అంకెలు ఉన్నాయి కాబట్టి ఉర్దూ కాగితంలోనూ అవే ఉంచితే రెండూ పక్కపక్కన పెట్టి సరిచూడవచ్చు.

ఇంకో మాట. ఇక్కడి ఆఫీసు కీబోర్డు అరబిక్‌ది. దానితో ఉర్దూ కొట్టబోతే ఉర్దూకు సొంతమైన టే, డాల్, డే, నూన్-గున్నా, బడీ యే దొరకవు. ఉన్నదానితో సర్దితే మాటలు తప్పుగా పడతాయి. విండోస్‌లో లాంగ్వేజ్ సెట్టింగుల్లోకి వెళ్లి ఉర్దూ కీబోర్డు చేర్చుకుంటే సరిపోతుంది.

మేం ఇప్పుడు ఎలా చేస్తున్నాం

మొదటి పద్ధతి అన్నిటికంటే సులువు, అన్నిటికంటే గట్టిది. గుర్తులను మాటల్లోకి మార్చేయడం. రేంజి 4-11 అని కాకుండా '4 సే 11 తక్' అని ఉర్దూలో రాస్తాం. మధ్యలో గీత లేదు, తిరగడానికి ఏమీ లేదు. < గుర్తుకు బదులు '0.01 సే కమ్'. O+ కు బదులు O పక్కన ఉర్దూలో 'పాజిటివ్'. తారీఖుకు నెల పేరు. 05-03-2024 అని రాయకుండా '5 మార్చ్ 2024'. అప్పుడు మార్చి ఐదా, మే మూడా అన్న తగువు కూడా ఉండదు.

గోలీల వరుసకు ఇది తప్పనిసరి. ఎందుకో వినండి. కంప్యూటరు 1-0-0 ను సరిగ్గా 1-0-0 గానే చూపించినా, చదివే మనిషి ఉర్దూ అలవాటు కొద్దీ కుడి చివర నుంచి మొదలుపెడితే? మొదటి సున్నా పొద్దున అవుతుంది, ఆఖరి ఒకటి రాత్రి అవుతుంది. కంప్యూటరు తిప్పకపోయినా కన్ను తిప్పుతుంది. కాబట్టి అంకెల వరుసను ఎంత సరిచేసినా సగం పనే. మాటల్లో రాస్తేనే పూర్తి. నిజామాబాద్ తమ్ముడి కాగితంలో ఆ లైను ఇప్పుడు ఉర్దూలో ఇలా ఉంది: 'సుబహ్ నాష్తే కే సాథ్ ఏక్ గోలీ. దోపహర్ కో నహీఁ. రాత్ కో నహీఁ.' ఒక్క అంకె కూడా లేదు.

మూడు నాలుగు మందులుంటే బల్ల గీస్తాం. పైన గళ్లలో మందు పేరు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. వేసుకోవాల్సిన చోట 'ఏక్', అక్కర్లేని చోట 'నహీఁ' అని మాటల్లోనే. ఖాళీ వదలం, సున్నా పెట్టం, గీత పెట్టం. వర్డ్‌లో బల్ల మామూలుగా ఎడమ నుంచి వస్తుంది. టేబుల్ ప్రాపర్టీస్‌లో బల్ల దిక్కును కుడి నుంచి ఎడమకు మార్చాలి. మరిచిపోయినా గళ్ల మీద మాటలు ఉన్నాయి కాబట్టి ప్రమాదం తప్పుతుంది.

మందు పేరును మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచి, పక్కన ఉర్దూలో పలుకు రాస్తాం. షీటు మీద, డబ్బా మీద ఉండేది ఇంగ్లీషు పేరే కదా. దానితో పోల్చుకోవాలి.

రెండో పద్ధతి, గుర్తు తప్పక ఉంచాల్సి వచ్చినప్పుడు. బీపీలాంటివి 150/95 అనే ఉండాలి, మాటల్లో రాస్తే డాక్టరుకే వింతగా ఉంటుంది. అప్పుడు అంకె ముందు కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. దాని పని ఒక్కటే: 'ఇక్కడ ఒక ఇంగ్లీషు అక్షరం ఉందనుకో' అని కంప్యూటరుకు చెప్పడం. వర్డ్‌లో ఇంగ్లీషు కీబోర్డుకు మారి, ఒక ఖాళీ కొట్టి, తర్వాత ఇది కొట్టాలి:

```
200E   ఆ వెంటనే   Alt+X
```

కొట్టిన నాలుగు అక్షరాలూ మాయమవుతాయి. ఏమీ కనిపించదు గానీ గుర్తు అక్కడే ఉంటుంది. దాని వెనకే అంకె కొట్టాలి. అంకె చివర శాతం గుర్తో, మైనస్సో ఉంటే దాని తర్వాత కూడా ఇంకోటి పెట్టాలి. 200E ముందు ఖాళీ ఎందుకంటే, ఏదైనా అంకెకు ఆనుకుని కొడితే ఆ అంకెను కూడా కలుపుకుని ఇంకేదో అక్షరం చేస్తుంది.

పేరా మొత్తాన్ని కుడి నుంచి మొదలుపెట్టించాలంటే Ctrl తో పాటు కుడివైపు Shift నొక్కాలి. మళ్లీ ఎడమకు కావాలంటే Ctrl తో ఎడమవైపు Shift.

ఫోనులో పంపేటప్పుడు

కంప్యూటరులో సరిగ్గా ఉన్నది ఫోనులో సరిగ్గా ఉంటుందని నమ్మకండి. వర్డ్‌కు దిక్కుల గురించి కొంత సొంత లెక్క ఉంది. అక్కడి నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే వాట్సాప్ తన లెక్క వేసుకుంటుంది. అక్కడ నిలిచిన అంకె ఇక్కడ తిరగవచ్చు.

వాట్సాప్‌లో ఇంకో ఇబ్బంది. మెసేజీలో మొదటి అక్షరం ఏ భాషదైతే లైను ఆ దిక్కున మొదలవుతుంది. మందు పేరు ఇంగ్లీషులో మొదట కొట్టి తర్వాత ఉర్దూ రాస్తే, లైను ఎడమ నుంచి మొదలై ఉర్దూ ముక్కలు అటూ ఇటూ అవుతాయి. మొదట 'దవా' అని ఉర్దూ మాట కొట్టి తర్వాత పేరు రాస్తే సర్దుకుంటుంది.

ఇన్ని తిప్పలు ఎందుకనుకుంటే, సరిచూసిన కాగితాన్ని పీడీఎఫ్‌గా దాచి పంపండి. లేదా ప్రింటు తీసి ఫోటో కొట్టి పంపండి. ఫోటోలో అంకె తిరగదు.

సరిచూసే తీరు

మేం ఇప్పుడు ఇద్దరం కూర్చోకుండా ఏ కాగితమూ ఇవ్వడం లేదు. ఒకరి చేతిలో ఇంగ్లీషు రిపోర్టు, ఇంకొకరి చేతిలో ప్రింటు తీసిన ఉర్దూ కాగితం. స్క్రీను మీద కాదు, ప్రింటు మీదే. ఉర్దూ చదివేవాడు గట్టిగా చదువుతాడు. ఇంగ్లీషు పట్టుకున్నవాడు ప్రతి అంకె మీదా పెన్సిలుతో టిక్కు పెడతాడు. ఆఖరున టిక్కు పడని అంకె ఉంటే అది ఉర్దూలో మరిచిపోయినట్టు. వీలైతే ఉర్దూ చదివేవాడు టైపు చేసినవాడు కాకుండా ఉంటే మంచిది. కొట్టినవాడికి తను కొట్టిందే కనిపిస్తుంది, కాగితం మీద ఉన్నది కనిపించదు. మాకు జరిగింది అదే.

ఆ తర్వాత కాగితం ఎవరిదో ఆ మనిషి చేత చదివిస్తాం. 'పొద్దున ఏ గోలీ వేసుకుంటావు, చూపించు' అంటాం. షీటు తీసి సరైన గోలీ చూపిస్తేనే పని అయినట్టు.

మనం ముట్టుకోకూడనివి

కొలతలను మనం మార్చకూడదు. ఇక్కడి ల్యాబులు చాలాచోట్ల షుగర్‌ను mmol/L లో ఇస్తాయి. ఇంటి దగ్గర mg/dL అలవాటు. ఇక్కడి 9.4 చూసి ఇంట్లోవాళ్లు షుగర్ తొమ్మిదేనా అని ఆశ్చర్యపోతారు. 18 తో గుణిస్తే అది దాదాపు 169. ఈ లెక్క షుగర్‌కు మాత్రమే. కొలెస్ట్రాల్‌కు, క్రియాటినిన్‌కు వేరే లెక్కలు. అందుకని కాగితంలో అసలు అంకె, అసలు కొలతే ఉంచుతాం. కొలత పేరును ఇంగ్లీషులోనే రాస్తాం. లెక్క నోటితో చెబుతాం.

డాక్టరు చేతిరాత అర్థం కాకపోతే ఊహించి రాయం. మందులు ఇచ్చిన ఫార్మసీకి వెళ్లి అడుగుతాం. జబ్బు పేరుకు మాకు ఉర్దూ మాట తెలియకపోతే ఇంగ్లీషు పేరే ఉంచుతాం. తప్పు మాట కంటే తెలియని మాట నయం. ఎవరి రిపోర్టూ అతను చెప్పకుండా తెరవం, పని అయ్యాక కంప్యూటరులో ఉంచం.

ప్రతి కాగితం పైన ఉర్దూలో ఒక లైను ఉంటుంది: ఇది అర్థం కావడానికి రాసింది, అసలు రిపోర్టు ఇంగ్లీషుదే. రెండూ కలిపి పిన్ను కొట్టి ఇస్తాం. ఇన్సూరెన్సుకో, కోర్టుకో, పరిహారం కేసుకో కావాలంటే మా కాగితం చెల్లదు. ఎమిరేట్స్‌లో అయితే న్యాయశాఖ లైసెన్సు ఉన్న లీగల్ ట్రాన్స్‌లేటరు ముద్ర కావాలి. అది ముందే చెప్పేస్తాం, లేకపోతే మనిషి రోజు కూలీ పోగొట్టుకుని తిరగాలి.

నిజామాబాద్ తమ్ముడు ఆ మరుసటి వారం సెలవు మీద ఇంటికి వెళ్లాడు. కొత్త కాగితం, పాత రిపోర్టు రెండూ పిన్ను కొట్టి పాస్‌పోర్టు కవరులో పెట్టుకున్నాడు. మేం తిరగబడిన ఆ పాత కాగితాన్ని చించేయలేదు. ఆఫీసులో టైపు మిషను పక్కన గోడకు అంటించాం. 0-0-1 చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది. ఎవరైనా రిపోర్టు పట్టుకుని వస్తే ముందు దానివైపు ఒకసారి చూసి, తర్వాతే కుర్చీ లాగుతాం.